దోసె బండికి పెట్టిన లారీ బ్యాటరీ నాలుగు నెలలకే చచ్చింది: తప్పు బ్యాటరీదా, చార్జర్‌దా?

కపిలతీర్థం దోసెబండి
అందరికీ నమస్కారం. కపిలతీర్థం రోడ్డులో సాయంత్రం దోసె బండి. కరెంటు లైను లేదు, బ్యాటరీ మీదే నడుస్తుంది. 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు (ఒక్కోటి 9 వాట్లు), చిన్న ఫ్యాను ఒకటి (18 వాట్లు), ఫోను, యూపీఐ స్పీకరు. ఆరు గంటలకి వేస్తే పదకొండున్నరకి ఆపుతాం. బ్యాటరీ కొత్తదే, 80 ఏహెచ్ లారీది, పైన ఆరు మూతలున్న రకం. మొదటి నెల బాగుంది. తర్వాత సోమవారం రాత్రి మాత్రం లైట్లు మసకబారేవి. మూడో నెలకి శనివారమే. ఇప్పుడు గురువారమే తొమ్మిదికల్లా చీకటి. షాపులో అడిగితే "ఇది బండ్లకి ఇచ్చేదన్నా, లైట్లకి కాదు, గ్యారంటీ రాదు" అన్నారు. 12 వోల్టులంటే 12 వోల్టులే కదా, ఇందులో లైట్ల బ్యాటరీ, బండి బ్యాటరీ అని తేడా ఏంది?

పుత్తూరు సోలార్
అన్నా, ప్లేట్లు చూసి కొనాల్సింది. లారీ బ్యాటరీల్లో 11, 13, 15, 17 ప్లేట్లవి ఉంటాయి. ప్లేట్లు ఎంత ఎక్కువుంటే అంత బలం. నీది 11 ప్లేట్లది అయ్యుంటుంది. 17 ప్లేట్లది వేస్తే ఇంకో మూడేళ్లు చూసుకోనక్కర్లేదు.

సందేహం
బల్బులకి ఎంత వీఏ ఇన్వర్టర్ కావాలో చెప్పకుండా బ్యాటరీ గురించి ఎట్ల చెప్తారు? 850 వీఏ సరిపోతుంది అనుకుంటా.

కపిలతీర్థం దోసెబండి
ఇన్వర్టర్ లేదన్నా. బల్బులే 12 వోల్టులవి, నేరుగా బ్యాటరీకే.

గ్రావిటీ 1240
షాపువాళ్లు చెప్పింది నిజమే, కారణం చెప్పలేదంతే. ముందు బండి బ్యాటరీ చేసే పని చూడండి. లారీ సెల్ఫ్ కొట్టినప్పుడు 400 ఆంపులు లాగుతుంది అనుకుందాం. మూడు సెకన్లలో ఇంజన్ అందుకుంటుంది. 400 ఇంటూ 3 అంటే 1200 ఆంపు-సెకన్లు, దాన్ని 3600తో భాగిస్తే 0.33 ఆంపు-గంటలు, అదే ఏహెచ్. అంత పెద్ద చప్పుడు చేసి ఆ బ్యాటరీ ఖర్చు పెట్టింది తన 80లో అరశాతం కూడా లేదు. ఇంజన్ తిరిగిన కాసేపటికే డైనమో దాన్ని తిరిగి నింపేస్తుంది. ఆ బ్యాటరీ జీవితమంతా నిండుగానే ఉంటుంది.

మీ బండి సంగతి వేరు. బల్బులకి 3 ఆంపులు, ఫ్యానుకి ఒకటిన్నర, ఫోనూ స్పీకరూ కలిపి అర, మొత్తం 5 ఆంపులు. ఐదున్నర గంటలకి 27.5 ఏహెచ్. అంటే ఒక్క సాయంత్రం మీరు తీసే కరెంటుతో ఆ లారీని ఎనభైసార్లు స్టార్ట్ చేయొచ్చు. అదీ రోజూ.

ఇప్పుడు ప్లేటు చూద్దాం. పాతది కోసిన షాపులో ఎప్పుడైనా కనిపిస్తే అంచు పట్టి చూడండి. బండి బ్యాటరీ ప్లేటు రూపాయి బిళ్ల మందం అటూఇటూ. సీసంతో పోసిన సన్నటి జాలీ ఒకటి, దాని కళ్లలో మెత్తిన ముద్ద. మన పల్లెల్లో వెదురు తడికకి మట్టి మెత్తినట్టే అనుకోండి. తడిక సీసం, మట్టి ఆ ముద్ద. కరెంటు ఇచ్చేది ముద్దే, తడిక దాన్ని పట్టుకుని కరెంటుని బయటికి మోస్తుంది.

సెల్ఫ్ కొట్టే ఆ మూడు సెకన్లలో యాసిడ్ ముద్ద లోపలికి పోయేంత టైం ఉండదు. పైపొర, దాని రంధ్రాల్లో అప్పటికే నానిన యాసిడ్, అంతవరకే పని. అందుకే బండి బ్యాటరీకి మందం దండగ, పైపొర వైశాల్యమే కావాలి. ఒక సెల్‌లో 13 ప్లేట్లంటే పాజిటివ్ 6, నెగటివ్ 7. ఒక్కో పాజిటివ్ ప్లేటు 14 బై 12 సెంటీమీటర్లు అనుకుంటే ఒక మొహం 168 చదరపు సెంటీమీటర్లు. ఆరు ప్లేట్లకి పన్నెండు మొహాలు, అంటే 2000 చిల్లర. అదే డబ్బాలో ప్లేట్ల మందం రెండింతలు చేస్తే మూడే పడతాయి, వైశాల్యం 1000కి దిగుతుంది. 400 ఆంపులు ఇప్పుడు సగం చోటులోంచి రావాలి, వోల్టేజీ కుంగుతుంది, సెల్ఫ్ మూలుగుతుంది. సన్న ప్లేట్లు పెట్టడం కంపెనీవాడి పిసినారితనం కాదు, ఆ పనికి అదే సరైన కట్టుబడి.

పుత్తూరు సోలార్ గారూ, మీ మాటలో తిరకాసు ఇక్కడే ఉంది. డబ్బా అదే ఉండి ప్లేట్లు పెరిగితే ఒక్కో ప్లేటు సన్నబడ్డట్టు. అది సెల్ఫ్‌కి మంచిది, దోసెబండికి ఇంకా చెడ్డది.

పుత్తూరు సోలార్
డబ్బా అదే అని నేననలేదే! 17 ప్లేట్లది డబ్బానే పెద్దది, ఏహెచ్ ఎక్కువ. 27 ఏహెచ్ తీస్తే 80లో మూడోవంతు పోతుంది, 130లో ఐదోవంతే. ఎంత తక్కువ లోతుకి దించితే అంత ఎక్కువ కాలం వస్తుంది. ఇది తప్పా?

గ్రావిటీ 1240
తప్పు కాదు. పెద్ద డబ్బా, అదే మందం అయితే లోతు తగ్గి రొంత కాలం పెరుగుతుంది. కానీ మందం మారలేదు కదా, జబ్బు పోలేదు, వాయిదా పడిందంతే. ఆ డబ్బుకి ఇన్వర్టర్లకి వాడే ట్యూబులర్ బ్యాటరీ వస్తుంది.

పలమనేరు ట్రాక్టర్
నాది తలకిందుల కేసు. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడిన 150 ఏహెచ్ పొడుగు ట్యూబులర్ ఉంది, ఇంకా బాగానే ఉంది. ట్రాక్టర్‌కి కంపెనీ ఇచ్చింది 88 ఏహెచ్, అది పోయింది. 150 అంటే దాదాపు రెండింతలు కదా, ట్రాక్టర్‌కి పెడితే ఇంకా గట్టిగా తిప్పాలి. పెట్టొచ్చా?

రేణిగుంట డైనమో
పెట్టొద్దు.

పలమనేరు ట్రాక్టర్
కారణం చెప్పన్నా.

రేణిగుంట డైనమో
పైన గ్రావిటీ అన్న చెప్పిందే, నీ వైపు నుంచి చూడు. ఏహెచ్ అంటే ట్యాంకులో నీళ్లెన్ని అని. సెల్ఫ్‌కి కావాల్సింది పైపు ఎంత లావు అని. ట్యూబులర్‌ది పెద్ద ట్యాంకు, సన్న పైపు. మధ్యాహ్నం ఎండలో ఇంజన్ వేడిగా ఉంటే తిప్పుద్ది, నువ్వు భేష్ అనుకుంటావు. తెల్లారి చల్లటి ఇంజన్‌కి లాగి లాగి వదిలేస్తుంది. వోల్టేజీ కుంగితే మోటరు నిదానంగా తిరుగుతుంది, నిదానంగా తిరిగితే ఎక్కువసేపు కొడతావు, సెల్ఫ్ మోటరు కాలిపోతుంది. బ్యాటరీ మిగిల్చుకోబోయి మోటరు వైండింగ్ చేయించుకోవాలి.

పరీక్ష కావాలంటే చెప్తా. మల్టీమీటర్ ముళ్లు క్లాంపులకి కాదు, నేరుగా బ్యాటరీ సీసం పోళ్లకి పెట్టు. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. కొడుతున్నంతసేపు 9.6 కిందికి పోకూడదు. పోతోందంటే ఆ బ్యాటరీ ఆ పనికి చాలదు. క్లాంపులకి పెడితే తుప్పు, కేబుల్ నష్టం అన్నీ కలిసి బ్యాటరీని దోషిని చేస్తాయి.

ఇంకోటి, పొడుగు ట్యూబులర్ ఇంట్లో మూల కదలకుండా కూర్చోవడానికి కట్టింది. దుక్కిలో ఆ అదురుడికి లోపలి బరువు ఊగి పైన అతుకులు తెగుతాయి.

సందేహం
మరి చలిలో సెల్ఫ్‌కి ఎన్ని ఆంపులు ఇవ్వగలదో సీసీఏ అని రాస్తారు కదా, అది చూసి పెట్టుకోవచ్చు కదా?

రేణిగుంట డైనమో
బండి బ్యాటరీకి రాస్తారు, ట్యూబులర్‌కి చాలావాటి మీద ఉండదు, అదే నీకు జవాబు. పైగా సీసీఏ కొలిచేది సున్నాకి 18 డిగ్రీలు కింద. చిత్తూరు జిల్లాలో ఆ చలి ఎవడు చూశాడు? రెండు బండి బ్యాటరీలని పక్కపక్కన పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతే.

కపిలతీర్థం దోసెబండి
అన్నలూ, నా సంగతికి రండి. మందం తేడా అర్థమైంది. కానీ సన్నగా ఉంటే రోజూ వాడితే ఎందుకు చస్తుంది? కరెంటు తీసుకున్నా, మళ్లీ పెట్టా. లెక్క సరిపోయింది కదా.

గ్రావిటీ 1240
లెక్క సరిపోయిందో లేదో తర్వాత చూద్దాం, నాకు అనుమానమే. ముందు ముద్ద సంగతి.

కరెంటు తీస్తున్నప్పుడు పాజిటివ్ ప్లేటులో ఉన్న లెడ్ డయాక్సైడ్, నెగటివ్‌లో ఉన్న మెత్తటి సీసం, రెండూ లెడ్ సల్ఫేట్‌గా మారతాయి. అదే పదార్థం ఇప్పుడు ఎక్కువ చోటు అడుగుతుంది. పాజిటివ్ వైపు దాదాపు రెండింతలు, నెగటివ్ వైపు రెండున్నరకి పైనే. చార్జ్ చేస్తే మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ సాయంత్రం ఉబ్బడం, పగలు ముడుచుకోవడం. మట్టి గోడ రోజూ తడిసి రోజూ ఆరితే ఏమవుతుంది? మొదట మెత్తబడుతుంది, తర్వాత పట్టు వదులుతుంది, తర్వాత పెళ్లలుగా రాలుతుంది. పాజిటివ్ ముద్ద చేసేది అచ్చం అదే. నెగటివ్ ముద్ద మెత్తటి సీసం కాబట్టి ఆ సాగుడు ఓర్చుకుంటుంది, దాని జబ్బు వేరే.

సన్న ప్లేటులో ఇది మూడు విధాల ముదురుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు పైపొరే పని చేస్తుందన్నాను కదా, 5 ఆంపుల నిదానపు వాడకంలో యాసిడ్‌కి గంటల టైం ఉంటుంది. సన్న ప్లేటు కాబట్టి రెండు మొహాల నుంచీ నడిమధ్య దాకా ఇంకిపోతుంది. మారకుండా గట్టిగా నిలబడే ముద్ద లోపల మిగలదు, మొత్తం ముద్ద ఉబ్బుతుంది. రెండోది, యాసిడ్ బాగా ఇంకడానికి ఆ ముద్దని మొదటే గుల్లగా తయారుచేస్తారు. గుల్ల ముద్దకి పట్టు తక్కువ. మూడోది తడిక. జాలీ పుల్లలు సన్నం, చార్జింగ్ చేసిన ప్రతిసారీ పాజిటివ్ వైపు అవి పైపైన కొంత తుప్పుపడతాయి. పుల్ల తెగితే దాని చుట్టూ ఉన్న ముద్ద బాగున్నా కరెంటు బయటికి రాదు.

ట్యూబులర్‌లో పాజిటివ్ ప్లేటే లేదు, చెప్పాలంటే. నిలువుగా సీసం ఊచలు, ఒక్కో ఊచ చుట్టూ పాలిస్టర్ గుడ్డ గొట్టం, పెన్సిల్ లావున. ఊచకీ గుడ్డకీ మధ్య ముద్ద. ఉబ్బినా గొట్టం పట్టుకుంటుంది, మెత్తబడినా రాలడానికి చోటు లేదు. నెగటివ్ మాత్రం అక్కడా చదును ప్లేటే. పని చేసే వైశాల్యం తక్కువ కాబట్టి 400 ఆంపులు అడగకూడదు. 5, 10, 15 ఆంపులు అడిగితే ఏళ్లతరబడి ఇస్తుంది.

రేణిగుంట డైనమో
అన్నా, రాలడం ఒక్కటే కాదు. నేను విప్పిన వాటిలో చాలావాటికి అడుగున బురద పెద్దగా లేదు, ముద్ద తడికలోనే ఉంది, అయినా కెపాసిటీ సున్నా. కొత్త బండి బ్యాటరీల్లో తడికకి కాల్షియం కలుపుతున్నారు, పాత వాటిలో ఆంటిమొనీ ఉండేది. కాల్షియం తడికకీ ముద్దకీ మధ్య కరెంటు పోనివ్వని పొర కడుతుంది, లోతుగా వాడినకొద్దీ. నా లెక్కలో దోషం మందానిది కాదు, కాల్షియందే.

గ్రావిటీ 1240
ఆ పొర నిజమే, కాదనను. నీళ్లు తక్కువ తాగాలని కాల్షియం వేశారు, దానికి చెల్లించిన ధర అది. ఇన్వర్టర్ ట్యూబులర్ ఊచల్లో ఆంటిమొనీ ఉంచడానికి కారణం కూడా అదే, అందుకే అవి నీళ్లు ఎక్కువ అడుగుతాయి. కానీ కాల్షియం తడికకి తగరం పాలు పెంచితే ఆ పొర చాలావరకు అణుగుతుంది. అందుకే కాల్షియం ఒక్కదాని మీద నేరం మోపలేను. మన దోసెబండిది మూతలున్న రకం, లోపల ఏ మిశ్రమమో బయటినుంచి తెలీదు. ఏ జబ్బుతో పోయిందో యాసిడ్ రంగు రొంత చెప్తుంది. దోసెబండి గారూ, యాసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, కొలిచే హైడ్రోమీటర్ దొరుకుతుందా? మంగళవారం ఫుల్ చార్జ్ చేసి, తీసేశాక నాలుగు గంటలు ఊరుకుని, ఆరు సెల్స్ కొలిచి రాయండి. చార్జర్ మీద ఏం రాసుందో, ఎన్ని గంటలు పెడతారో కూడా. కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి.

కపిలతీర్థం దోసెబండి
కొలిచా. ప్లస్ వైపు నుంచి 1.210, 1.215, 1.210, 1.205, 1.130, 1.210. ఐదోదాంట్లో యాసిడ్ గోధుమరంగు, కషాయం మాదిరి. మిగతావి రొంత మబ్బుగా ఉన్నాయి కానీ తెల్లగానే. మొత్తం వోల్టేజీ 12.2. చార్జర్ మీద 5 ఆంప్స్ అని ఉంది, మీటర్ పెడితే నాలుగున్నర చూపింది. పగలు పదిన్నర నుంచి మూడున్నర దాకా, అంటే అయిదు గంటలు పెడతాం. మంగళవారం బండి లేదు, ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా చార్జింగ్‌లోనే ఉంటుంది.

సందేహం
గ్రావిటీ తక్కువగా ఉందంటే యాసిడ్ పలచబడిందన్నమాట. ఐదో సెల్‌లో రొంత యాసిడ్ పోయండి, సరిపోతుంది.

గ్రావిటీ 1240
దయచేసి పోయకండి. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్ రూపంలో ప్లేట్లకి అంటుకుని ఉంది. మీరు బయటినుంచి పోస్తే హైడ్రోమీటర్ నిండింది అని అబద్ధం చెప్తుంది, ప్లేట్లు అట్లనే ఉంటాయి, తడిక ఇంకా త్వరగా తినేస్తుంది. బ్యాటరీకి పొయ్యాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. యాసిడ్ ఒలికిపోయినప్పుడు తప్ప.

ముందు మీ కొలతలు సరిగ్గా ఉన్నాయో చూశాను. ఒక సెల్ గ్రావిటీకి 0.84 కలిపితే దాని వోల్టేజీ వస్తుంది. 1.210 సెల్ 2.05, 1.130 సెల్ 1.97. ఆరూ కలిపితే 12.22. మీ మీటర్ 12.2 చూపింది. చక్కగా కొలిచారు.

ఐదు సెల్స్ ముప్పై గంటలు చార్జింగ్‌లో ఉండి కూడా 1.250 దాటాల్సింది 1.210 దగ్గరే ఆగాయి. వాటిలో సల్ఫేట్ గట్టిపడి వెనక్కి మారడం లేదు. ఐదో సెల్ వాటికంటే 80 పాయింట్లు కింద. 30 పాయింట్ల తేడా వస్తేనే ఆ సెల్‌ని అనుమానించాలి. గోధుమరంగు అంటే పాజిటివ్ ముద్ద రాలి తేలుతోంది. అడుక్కి చేరిన బురద ప్లేట్ల కాళ్లని తాకి లోపలే చిన్న షార్ట్ అయ్యుంటుంది. ఆ సెల్ తనంతట తనే ఖాళీ అవుతోంది. డైనమో తమ్ముడూ, మీరు చెప్పింది ఐదు సెల్స్‌లో ఉండొచ్చు, నేను చెప్పింది ఐదోదాంట్లో కచ్చితంగా ఉంది.

ఇక "తీసుకున్నా, పెట్టా" లెక్క. నాలుగున్నర ఆంపులు అయిదు గంటలకి 22.5 ఏహెచ్. సీసం బ్యాటరీలో వంద తిరిగి నింపాలంటే సుమారు 115 పెట్టాలి, మిగతాది గ్యాసుగా, వేడిగా పోతుంది. 22.5ని 1.15తో భాగిస్తే లోపలికి చేరింది దాదాపు 20. మీరు తీసేది 27.5. రోజుకి ఏడున్నర అప్పు.

కొత్తలో 80 అనుకుని నడిపి చూడండి. బుధవారం రాత్రి దుకాణం కట్టేసరికి 52.5 మిగిలింది. గురువారం పగలు 72.5కి ఎక్కి రాత్రికి 45. శుక్రవారం రాత్రి 37.5, శనివారం 30, ఆదివారం 22.5, సోమవారం రాత్రి 15. సోమవారం మీ లైట్లు మసకబారింది అందుకే. వారానికోసారి దాన్ని ఎనభై శాతం లోతుకి దించారు, మిగతా రోజుల్లో కూడా పూర్తిగా నిండనివ్వలేదు. ప్లేట్లు మూడోవంతుకి పైగా చచ్చి కెపాసిటీ 50కి పడ్డాక ఇదే లెక్క మళ్లీ వేయండి. బుధవారం 22.5, గురువారం 15, శుక్రవారం 7.5, శనివారం సున్నా. మూడో నెలకి శనివారమే అన్నారు కదా. మీ లైట్లు ఏ రోజు మసకబారాయో చూసి బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పేయొచ్చు.

కపిలతీర్థం దోసెబండి
అమ్మో. అంటే తప్పు చార్జర్‌దా?

గ్రావిటీ 1240
ఇద్దరిదీ. ఈ చార్జర్‌తో ట్యూబులర్‌ని కూడా చంపొచ్చు, నాలుగు నెలలకి బదులు ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. పెద్ద చార్జర్ పెట్టి ఈ లారీ బ్యాటరీనే వాడి ఉంటే సల్ఫేట్ బాధ తగ్గేది, ముద్ద రాలడం మాత్రం ఆగేది కాదు. రోజుకి మూడోవంతు లోతు చొప్పున లెక్కేస్తే ఎనిమిది, పది నెలలు లాగేదేమో.

పుత్తూరు సోలార్
చార్జర్ మాట నేను ముందే అనాల్సింది. ఇప్పుడు ఏం కొనాలో చెప్పండి. నా ఓటు 100 ఏహెచ్ ట్యూబులర్, 10 ఆంపుల చార్జర్.

గ్రావిటీ 1240
నా ఓటూ అదే. 27.5 అంటే 100లో పావు చిల్లర. తిరిగి పెట్టాల్సింది 32 ఏహెచ్. 10 ఆంపులతో మొదటి రెండున్నర గంటల్లో 25 దాకా ఎక్కుతుంది, 14.4 వోల్టులు అందుకున్నాక కరెంటు తగ్గుతూ వస్తుంది, మిగతా ఏడు ఎక్కడానికి ఇంకో మూడు గంటలు పడుతుంది. అందుకని అయిదు గంటలు చాలవు, పది గంటలకే పెట్టి నాలుగుకి తీయండి. చివర్లో ఆ నిదానపు రెండు మూడు గంటలే ప్లేటుని కాపాడేవి, వాటిని కత్తిరించకండి. చార్జర్ కొనేటప్పుడు 13.8 దగ్గర ఆగిపోయేది వద్దు, అది నింపదు, నిండినదాన్ని నిలబెడుతుందంతే.

కొనేటప్పుడు లేబుల్ మీద ఏహెచ్ పక్కన సీ10 అనో సీ20 అనో ఉంటుంది. 100 ఏహెచ్ సీ10 అంటే పది గంటల్లో తీసినా వంద ఇస్తుంది. సీ20 అంటే ఇరవై గంటలు పట్టి నిదానంగా తీస్తేనే వంద, పది గంటల్లో తీస్తే తగ్గుతుంది. మీ 5 ఆంపులకి రెండూ సరిపోతాయి, ధర పోల్చేటప్పుడు మాత్రం ఒకే సీ ఉన్నవాటినే పోల్చండి. బరువు కూడా చూడండి. అదే ఏహెచ్ అని చెప్పి బాగా తేలిగ్గా ఉంటే సీసం ఎక్కడో తగ్గినట్టు. ట్యూబులర్ నిండితే గ్రావిటీ 1.240 చూపుతుంది, బండి బ్యాటరీకంటే తక్కువేంది అని కంగారు పడొద్దు, దాని లెక్కే అంత.

ఇంకా రెండు మాటలు. దోసె పెనం కింద మంట ఉంటుంది. బ్యాటరీని స్టౌకి దూరంగా, గాలి ఆడే పెట్టెలో పెట్టండి. చార్జింగ్ మాత్రం బండి దగ్గర వద్దే వద్దు, అప్పుడు వచ్చే హైడ్రోజన్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు. ప్లస్ పోలు నుంచి జానెడు దూరంలో 10 ఆంపుల ఫ్యూజు వేయండి. వైరు రేకుకి ఒరుసుకుంటే ముందు కాలేది అదే కావాలి.

రేణిగుంట డైనమో
ఫ్యూజుతో పాటు కటాఫ్ కూడా. చిన్న సోలార్ కంట్రోలర్ కొని, ప్యానెల్ లేకపోయినా లోడ్ వైపు మాత్రమే వాడుకో. వోల్టేజీ పడితే లైట్లు తనే ఆపేస్తుంది. కొత్తగా తీసినప్పుడు చాలావాటిలో 10.7 దగ్గర పెట్టి ఉంటుంది, అది మరీ కింద. 11.7కి మార్చు. లైట్లు ఆరితే గిరాకీ పోతుందని తిట్టుకుంటావు, కానీ బ్యాటరీ మిగులుద్ది.

కపిలతీర్థం దోసెబండి
పెనం మీద దోసె ఉండగా ఆరితే కష్టమే అన్నా. సరే, ఫ్యానుకీ మూడు బల్బులకీ మాత్రం కటాఫ్ పెట్టి, పెనం మీది బల్బు నేరుగా ఇచ్చుకుంటా.

రేణిగుంట డైనమో
అది ఇంకా తెలివైన పని.

పలమనేరు ట్రాక్టర్
నా ట్యూబులర్ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

పుత్తూరు సోలార్
పొలం దగ్గర షెడ్డులో లైట్లకి పెట్టు, పైన ఒక ప్యానెల్ వేసుకో. ట్రాక్టర్‌కి 88 ఏహెచ్ బండిదే కొను.

సందేహం
మరి ఈ-రిక్షాకి ఇచ్చే బ్యాటరీ దోసెబండికి పనికిరాదా? రైల్వే స్టేషన్ దగ్గర రోజంతా తిరుగుతాయి కదా, అవీ 12 వోల్టులే.

గ్రావిటీ 1240
ఈసారి మంచి ప్రశ్న. అవి రోజూ లోతుగా వాడడానికే కట్టినవి, పనికొస్తాయి. వాటిలో ట్యూబులర్ ఉంది, మందం చదును ప్లేట్లవి కూడా ఉన్నాయి. రిక్షా ఎత్తులో ఒక్కసారిగా పెద్ద ఆంపులు లాగుతుంది కాబట్టి కొందరు మందం ప్లేటే మేలంటారు. దోసెబండికి ఆ అవసరం లేదు.

రేణిగుంట డైనమో
చదును ప్లేటు ఎంత మందమైనా గొట్టంలో ముద్దంత నిలవదు అని నీ పై పోస్టే చెప్తోంది కదన్నా. రిక్షావాళ్లు మందం ప్లేటుతో ఏడాది, ట్యూబులర్‌తో అంతకు పైన అంటారు కానీ చార్జింగ్ ఎవడూ ఒకేలా చేయడు, పోల్చడానికి లేదు.

గ్రావిటీ 1240
ఒకే రూట్లో, ఒకే చార్జర్‌తో రెండూ నడిపినవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉంటే గ్రావిటీ అంకెలతో రాయండి. వాదన అప్పుడు చేద్దాం.

కపిలతీర్థం దోసెబండి
100 ఏహెచ్ ట్యూబులర్ సీ10ది, 10 ఆంపుల చార్జర్ తెచ్చా. పాతది స్క్రాప్ కింద ఇచ్చి తేడా కట్టా. మొదటి వారం అయ్యింది. సోమవారం రాత్రి దుకాణం కట్టి, అన్నీ తీసేసి, పొద్దున ఆరింటికి చూస్తే 12.4. సెల్స్ 1.220, 1.220, 1.225, 1.220, 1.220, 1.225. బాగున్నట్టేనా?

గ్రావిటీ 1240
0.84 కలిపి చూడండి. 2.06, 2.065, ఆరూ కలిపితే 12.37. మీటర్‌తో సరిపోయింది, సెల్స్ మధ్య తేడా 5 పాయింట్లే. కానీ 27 ఏహెచ్ తీశాక 1.220 అంటే నేను అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే. యాసిడ్ ఇంకా అడుగునా పైనా సమంగా కలవకపోయి ఉండొచ్చు, లేదా షాపులో రొంత చిక్కగా పోసి ఉండొచ్చు. ఈ మంగళవారం ఫుల్ అయ్యాక, చార్జర్ తీసేసి నాలుగు గంటలాగి కొలిచి పెట్టండి. 1.240 దగ్గర ఉందా, 1.260 దాకా పోయిందా, అది చూసి చెప్తా.